అలుగు పారిందా, కట్టకు బుంగ పడిందా?

రాత్రి పదిన్నర. జనరల్ వార్డులో చివరి మంచం మీద అరవై నాలుగేళ్ల పెద్దావిడ. బరువు 40 కిలోలు. ఏళ్ల తరబడి రక్తహీనత, దాంతోపాటు బీపీ, కొద్దిగా దెబ్బతిన్న కిడ్నీలు. హిమోగ్లోబిన్ 5.1 గ్రాములకు పడిపోయిందని రెండు బ్యాగుల రక్తం రాశారు. సాయంత్రం ఆరింటికి మొదటిది పెట్టారు, తొమ్మిదికల్లా రెండోదీ అయిపోయింది. రక్తం ఎక్కింది, ఇక తేరుకుంటుందని కొడుకు కాస్త నడుం వాల్చాడు. గంటన్నర గడిచేసరికి ఆవిడ లేచి కూర్చుని మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

“సిస్టర్, అమ్మకి ఊపిరి ఆడట్లేదు, ఒకసారి రండి.”

“పడుకోబెట్టకండి, వెనక దిండ్లు పెట్టి అలాగే కూర్చోనివ్వండి. డాక్టర్‌గారిని పిలుస్తున్నా.”

అదే ఆసుపత్రిలో, పై అంతస్తు ఐసీయూలో ముప్పై ఐదేళ్ల మనిషి. కడుపులో పుండు పగిలి విపరీతంగా రక్తం పోతే ఆపరేషన్ చేశారు. సిగరెట్టూ మందూ రెండూ అలవాటే. రక్తం గడ్డకట్టడానికి ప్లాస్మా రాశారు. రెండో ప్లాస్మా బ్యాగు సగంలో ఉండగా ఒక్కసారిగా చలి, వణుకు, ఆయాసం.

ఈ ఇద్దరూ ఫలానా వ్యక్తులు కారు. వార్డుల్లో ఎదురయ్యే తీరును పక్కపక్కన చూపడానికి కూర్చిన రెండు ఉదాహరణలు. ఇద్దరికీ ఆయాసమే. ఇద్దరి వేలికి పెట్టిన క్లిప్పూ ఆక్సిజన్ పడిపోతోందనే చూపిస్తుంది. ఎక్స్‌రే తీస్తే నల్లగా కనిపించాల్సిన ఊపిరితిత్తులు ఇద్దరికీ తెల్లబారి ఉంటాయి. అంటే గాలి ఉండాల్సిన చోట నీరు చేరింది. అయితే ఆ నీరు వచ్చిన దారి ఇద్దరిలో ఒకటి కాదు. ఒకరి ప్రాణం నిలిపే మందు ఇంకొకరిని మరింత కుంగదీయగలదు.

పెద్దావిడకు వచ్చినదాన్ని డాక్టర్లు టాకో అంటారు. రక్తం ఎక్కించడం వల్ల ఒంట్లో ద్రవం గుండె మోయలేనంత పెరిగిపోవడం అన్నమాట. ఐసీయూలో ఉన్నాయనకు వచ్చింది ట్రాలి. ఎక్కించిన రక్తంలోని ఏదో ఒక పదార్థం ఊపిరితిత్తుల్ని నేరుగా దెబ్బతీయడం. అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు అందే రక్తమార్పిడి మరణాల నివేదికల్లో ఏళ్లుగా ఈ రెండూ పై వరుసలోనే ఉంటున్నాయి.

తేడా తెలియాలంటే మన ఊరి చెరువును తలుచుకుంటే చాలు. చెరువు నీరు దిగువకు రావడానికి రెండు దారులు. వానలు ఎక్కువై నీటిమట్టం పెరిగితే అలుగు పారుతుంది. కట్టకు ఏ లోపమూ లేదు, నీరే ఎక్కువైంది. నీటిమట్టం మామూలుగానే ఉన్నా కట్టకు బుంగ పడితే అప్పుడూ నీరు దిగువకు వస్తుంది. ఈసారి నీరు ఎక్కువ కాలేదు, కట్టే పాడైంది. టాకో మొదటి రకం, ట్రాలి రెండో రకం. ఊపిరితిత్తుల్లో ఆ కట్ట ఎంతో పల్చన. గాలి గదికీ పక్కనే పారే రక్తనాళానికీ మధ్య ఉన్న గోడ మన వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు.

పల్చని మజ్జిగలో ఇంకో గ్లాసు

ముందు పెద్దావిడ సంగతి. ఏళ్ల తరబడి రక్తహీనత ఉన్నవాళ్లను “ఒంట్లో రక్తం లేదు” అంటాం. నిజానికి వాళ్ల నాళాల్లో ద్రవం తగ్గదు. ఎర్రకణాలు తగ్గిన మేరకు ప్లాస్మా పెరిగి ఆ చోటు నింపేస్తుంది. గ్లాసు నిండుగానే ఉంది, మజ్జిగే పల్చబడింది. ఆ పల్చని రక్తంతోనే ఒంటికి ఆక్సిజన్ అందించాలి కాబట్టి గుండె అప్పటికే రెట్టింపు పని చేస్తూ ఉంటుంది. ప్రమాదంలో రక్తం కారిపోయినవాడి గ్లాసు ఖాళీ. అతనికి గబగబా పోయాలి. ఈవిడది నిండు గ్లాసు. చుక్క చుక్కగా పోయాలి.

ఆ రోజు ఏం జరిగిందో లెక్క వేద్దాం. 40 కిలోల మనిషి ఒంట్లో ఉండే రక్తం సుమారు రెండున్నర నుంచి మూడు లీటర్లు. రెండు బ్యాగులు కలిపి 600 మిల్లీలీటర్లు. మధ్యాహ్నం నీరసంగా ఉందని పెట్టిన సెలైన్ సీసా ఇంకో 500. మొత్తం 1,100 లోపలికి వెళ్లాయి. మధ్యాహ్నం నుంచి బయటికి వచ్చిన మూత్రం 250. మిగిలిన 850 మిల్లీలీటర్లలో అధికభాగం ఆ చిన్న ఒంట్లోనే ఎక్కడో ఒకచోట ఇమడాలి.

వేగం సంగతి ఇంకా ముఖ్యం. ఇలాంటి రోగులకు గంటకు కిలోకు ఒక మిల్లీలీటరు చొప్పున ఎక్కించడం మంచిదంటారు. అంటే ఈవిడకు గంటకు 40 మిల్లీలీటర్లు. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు పడే సెట్టు అయితే నిమిషానికి పదమూడు చుక్కలు. 300 మిల్లీలీటర్ల బ్యాగు గంటన్నరలో అయిపోయిందంటే నిమిషానికి అరవై ఆరు చుక్కలు పడ్డాయన్నమాట. ఉండాల్సిన దానికి ఐదు రెట్లు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన రక్తాన్ని నాలుగు గంటల్లోపు ఎక్కించేయాలి. లేకపోతే అందులో సూక్ష్మజీవులు పెరిగే ప్రమాదం ఉంది. గంటకు 40 చొప్పున నాలుగు గంటల్లో వెళ్లేది 160 మిల్లీలీటర్లే. అంటే ఈవిడకు ఒక పూర్తి బ్యాగును కూడా నిదానంగా ఎక్కించడం కుదరదు. దీనికి దారి బ్లడ్ బ్యాంకులోనే ఉంది. ముందుగా అడిగితే బ్యాగును రెండు చిన్న సంచులుగా విడదీసి ఇవ్వగలరు. సగం ఇప్పుడు ఎక్కించుకుని, మిగతా సగం ఫ్రిజ్‌లోనే ఉంచి తర్వాత తెచ్చుకోవచ్చు. అది తెలియనిచోట నాలుగు గంటల గడువు తరుముతుంటే చుక్కల వేగం పెంచేస్తారు. ఒక్కోసారి పక్కన కూర్చున్న చుట్టమే “ఎంతసేపని” అంటూ డ్రిప్ చక్రాన్ని వేలితో తిప్పేస్తాడు.

గుండె ఎడమ భాగం ఈ వరదను ముందుకు తోయలేకపోతే వెనక ఉన్న ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. గోడలు బాగానే ఉన్నా ఆ ఒత్తిడికి నీరు గాలి గదుల్లోకి ఊరుతుంది. అలుగు పారింది.

డ్యూటీ డాక్టర్ వచ్చేసరికి ఆవిడ బీపీ 130/80 నుంచి 180/100కు ఎక్కి ఉంది. మెడ నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి. పడుకుంటే ఆయాసం పెరుగుతోంది, కూర్చుంటే కాస్త నయం. వీపు మీద స్టెతస్కోప్ పెడితే తడి బుడగల చప్పుడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులతో పాటు గుండె నీడ కూడా వెడల్పుగా ఉంది. ఆక్సిజన్ పెట్టి, మూత్రం జారీ చేసే ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లవారేలోగా లీటరుకు పైగా మూత్రం పోయింది. ఆవిడ ఆనుకుని నిద్రపోయింది.

దాత రక్తంలో దాగిన గుర్తింపు

ఐసీయూలో ఆయన కథ వేరు. ఆయన బీపీ పెరగలేదు. 130 నుంచి 84కు పడిపోయింది. జ్వరం 102. మెడ నరాలు ఉబ్బలేదు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ తెల్లబారాయి గానీ గుండె మామూలు సైజులోనే ఉంది. గొట్టంలోంచి గులాబీ రంగు నురగ వస్తోంది. రక్తపరీక్షలో ఇంకో వింత. పొద్దున 11,000 ఉన్న తెల్లకణాలు ఇప్పుడు 2,800. కొన్ని గంటల తర్వాత మళ్లీ పెరిగాయి. మరి అంతవరకూ అవి ఎక్కడికి పోయాయి?

ఊపిరితిత్తుల్లోకే. ట్రాలి మర్మమంతా అక్కడే ఉంది. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం మన ఒంటి కాపలాదారులు. పెద్ద ఆపరేషన్, రక్తస్రావం, ఇన్ఫెక్షన్, సిగరెట్టు, మద్యం ఇవన్నీ వాటిని ముందే రెచ్చగొట్టి ఊపిరితిత్తుల సన్న నాళాల్లో మోహరింపజేస్తాయి. ఇది మొదటి దెబ్బ. దీనికే నష్టం జరగకపోవచ్చు. ఆ సమయంలో ఎక్కించిన ప్లాస్మాలో రోగి తెల్లకణాలకు అతుక్కునే యాంటీబాడీలు ఉన్నాయనుకోండి, అది రెండో దెబ్బ. రెచ్చిపోయి ఉన్న న్యూట్రోఫిల్స్ తమలోని ఘాటు పదార్థాలను అక్కడికక్కడే వదిలేస్తాయి. పల్చని గోడ చిల్లులు పడుతుంది. నాళంలో ఒత్తిడి మామూలుగానే ఉన్నా ప్రోటీన్లతో సహా ద్రవం గాలి గదుల్లోకి కారిపోతుంది. కట్టకు బుంగ పడింది.

మరి దాత ఒంట్లోకి ఆ యాంటీబాడీలు ఎలా వచ్చాయి? ఎక్కువగా గర్భం ద్వారా. కడుపులో బిడ్డ సగం తండ్రి పోలిక. తండ్రి నుంచి వచ్చిన కణ గుర్తులు తల్లి రక్తంలోకి కొంచెం కొంచెంగా చేరినప్పుడు ఆమె ఒళ్లు వాటిని పరాయివిగా గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. ఆ తల్లికి వాటివల్ల ఏ బాధా ఉండదు. అవి ఉన్నట్టు ఆమెకు తెలియను కూడా తెలియదు. అమెరికా దాతల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో ఎన్నడూ గర్భం దాల్చని స్త్రీలలో ఇలాంటి యాంటీబాడీలు నూటికి ఇద్దరి లోపే కనిపించాయి. నాలుగు లేదా అంతకంటే ఎక్కువసార్లు గర్భం దాల్చినవారిలో దాదాపు మూడో వంతు మందిలో కనిపించాయి.

ఈ రోగానికి ట్రాలి అనే పేరు స్థిరపరిచింది అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు పాపోవ్‌స్కీ, మూర్. 1985లో వాళ్లు 36 మంది రోగుల వివరాలు ప్రచురించారు. వాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా వెంటిలేటర్ అవసరమైంది. అయినా ఎక్కువమంది నాలుగు రోజుల్లోపు కోలుకున్నారు. దాతల రక్తాన్ని పరీక్షిస్తే చాలా కేసుల్లో తెల్లకణాల యాంటీబాడీలు దొరికాయి. ఈ ఆధారంతోనే బ్రిటన్ 2003 చివరి నుంచి ప్లాస్మాను వీలైనంతవరకూ మగ దాతల నుంచే తీసుకోవడం మొదలుపెట్టింది. అక్కడ ట్రాలి కేసులు బాగా తగ్గాయి. తర్వాత అమెరికా కూడా అదే బాట పట్టింది. మగవాళ్ల నుంచి గానీ, గర్భం దాల్చని స్త్రీల నుంచి గానీ, యాంటీబాడీ పరీక్షలో లేవని తేలినవారి నుంచి గానీ తీసిన ప్లాస్మానే రోగులకు వాడాలన్నది అక్కడి నియమం.

దీన్నిబట్టి ఆడవాళ్లు రక్తం ఇవ్వకూడదని అనుకోవడం పొరపాటు. ప్రమాదం ఉన్నది ప్రధానంగా ప్లాస్మాలో, ప్లాస్మా ఎక్కువగా ఉండే ప్లేట్‌లెట్ బ్యాగుల్లో. ఎర్రకణాల బ్యాగులో ప్లాస్మా కొద్దిగానే ఉంటుంది. తల్లులిచ్చిన రక్తంలోని ఎర్రకణాలు నిక్షేపంగా పనికొస్తాయి.

ఇక వైద్యం. ఐసీయూలో ఆయనకు ప్లాస్మా ఆపేసి, వెంటిలేటర్ మీద పెట్టి, చిన్న చిన్న ఊపిరులతో మెల్లగా నడిపించారు. బీపీ నిలబెట్టారు. పెద్దావిడకు ప్రాణం పోసిన ఫ్యూరోసెమైడ్ ఈయనకు ఇవ్వలేదు. ఈయన నాళాల్లో నీరు ఎక్కువ లేదు సరికదా, కారిపోయి తగ్గింది కూడా. అలాంటివాడి నుంచి ఇంకా నీరు తోడేస్తే బీపీ మరింత కుంగుతుంది. బుంగ పడిన కట్టకు తూము తెరవడం మందు కాదు. బుంగ దానంతట అది పూడేదాకా రోగిని కాచుకోవడమే పని. నాలుగో రోజుకు ఎక్స్‌రే తేటపడింది.

నీటిని బట్టి దారి తెలుస్తుంది

పుస్తకంలో ఉన్నంత తేటగా రోగి దగ్గర ఉండదు. జ్వరం ఉంటే ట్రాలి అని తేల్చేయడానికి లేదు, టాకో రోగుల్లోనూ మూడో వంతు మందికి దాకా జ్వరం వస్తుంది. మూత్రం మందుకు ఆయాసం తగ్గినంత మాత్రాన టాకో అని ముద్ర వేయడానికీ లేదు. సమయం కొంత దారి చూపిస్తుంది. ట్రాలి రక్తం ఎక్కించిన ఆరు గంటల్లోపు బయటపడుతుంది, తరచూ మొదటి గంట రెండు గంటల్లోనే. టాకోకు 2018లో సవరించిన అంతర్జాతీయ నిర్వచనం పన్నెండు గంటల దాకా గడువు ఇచ్చింది.

అనుమానం తీరకపోతే రెండు పరీక్షలు ఉపయోగపడతాయి. మొదటిది గుండెను అడగడం. గుండె గోడలు సాగినప్పుడు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. పెద్దావిడకు అది ఎక్కువగా ఉందని తెలిస్తే చాలదు, కిడ్నీలు బాగాలేనివాళ్లకు అది ముందునుంచే ఎక్కువగా ఉండొచ్చు. రక్తం ఎక్కించక ముందు ఎంత ఉందో తెలియాలి. ఇందుకు చక్కటి దారి ఉంది. రక్తం సరిపోతుందో లేదో చూడటానికి బ్లడ్ బ్యాంకుకు పంపిన రోగి నమూనా అక్కడ కొన్ని రోజులు భద్రంగా ఉంటుంది. దానిలోనే ఈ పరీక్ష చేయించవచ్చు. పెద్దావిడకు అలా చేస్తే ముందు 1,900, తర్వాత 4,800 వచ్చాయనుకోండి, రెండున్నర రెట్లు. ఒకటిన్నర రెట్లు దాటితేనే టాకో వైపు మొగ్గు.

రెండోది నీటినే అడగడం. అలుగు మీద పారే నీరు తేటగా ఉంటుంది, బుంగలోంచి వచ్చే నీరు కట్ట మట్టిని మోసుకొస్తుంది. ఊపిరితిత్తుల్లోనూ అంతే. గోడ బాగుంటే నీరు మాత్రమే ఊరుతుంది, ప్రోటీన్లు లోపలే ఆగిపోతాయి. గోడ చిల్లుపడితే ప్రోటీన్లూ వచ్చేస్తాయి. గొట్టంలోంచి వచ్చిన నురగను మొదట్లోనే పట్టి ప్రోటీన్ కొలిస్తే, రక్తంలో ఉన్నదానిలో 65 శాతం కన్నా తక్కువ ఉంటే ఒత్తిడి వల్ల వచ్చిన నీరు, 75 శాతం దాటితే గోడ పాడై వచ్చిన నీరు. ఆలస్యం చేస్తే గాలి గదులు నీటిని పీల్చుకుని ప్రోటీన్ చిక్కబడుతుంది, లెక్క తప్పుతుంది.

ఒక్కోసారి ఇంత చేసినా తేలదు. నీరూ ఎక్కువవుతుంది, గోడా పాడవుతుంది. అందుకే నిపుణులు “రెండూ ఉండొచ్చు, విడదీయలేం” అనే వర్గాన్ని కూడా ఒప్పుకున్నారు. 2019లో ట్రాలినే రెండు రకాలుగా విడగొట్టారు. అంతకుముందు ఊపిరితిత్తులకు ముప్పు తెచ్చే జబ్బేమీ లేనివాళ్లది ఒకటి. అలాంటి ముప్పు ఉన్నా, లేదా తేలికపాటి నష్టం అప్పటికే ఉన్నా, పరిస్థితి నిలకడగా ఉండి రక్తం ఎక్కించాక దిగజారినవాళ్లది రెండోది. దాతలో యాంటీబాడీ దొరకకపోయినా ట్రాలి కాదనలేం, కొన్ని కేసుల్లో అది దొరకదు.

మంచం పక్కన ఉన్నవాళ్లకు

పేరు తేల్చడం డాక్టర్ల పని. కానీ ఆ గంటలో మంచం పక్కన ఉండేది ఇంటివాళ్లే. రక్తం ఎక్కుతున్నప్పుడు గానీ ఆ తర్వాత గానీ కొత్తగా ఆయాసం, దగ్గు, పడుకోలేకపోవడం, వణుకు కనిపిస్తే “కాసేపు చూద్దాం” అనుకోకుండా నర్సును పిలవాలి. ఎక్కుతున్న రక్తాన్ని వెంటనే ఆపడం రెండింటిలోనూ మొదటి పని. బ్యాగు మీది పేరు, గ్రూపు మరోసారి సరిచూడటం దాని వెంటే జరగాలి, తప్పు గ్రూపు రక్తమూ ఇలాగే మొదలవగలదు. ఎలర్జీ, కలుషితమైన రక్తం సంగతీ అదే వరుసలో చూస్తారు.

ఖాళీ అయినా సగం అయినా ఆ బ్యాగును చెత్తబుట్టలో వేయనివ్వకూడదు, బ్లడ్ బ్యాంకుకు తిరిగి వెళ్లాలి. దీనికో గట్టి కారణం ఉంది. ఒక దాత ఇచ్చిన రక్తం ఎర్రకణాలుగా, ప్లాస్మాగా, ప్లేట్‌లెట్లుగా విడిపోయి వేర్వేరు బ్యాగుల్లోకి వెళుతుంది. ట్రాలి అనుమానం ఉందని కబురందితే అదే దాత మిగతా బ్యాగులను బ్లడ్ బ్యాంకువాళ్లు పక్కన పెట్టేస్తారు. ఐసీయూలో ఆయనకు పెట్టిన ప్లాస్మాకు జోడు బ్యాగు ఎక్కడో ఫ్రిజ్‌లో ఇంకొకరి కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. మన దేశంలో ఇలాంటి సంఘటనలను నమోదు చేయడానికి 2012 డిసెంబరు 10న హీమోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. నోయిడాలోని జాతీయ బయోలాజికల్స్ సంస్థ దాన్ని చూస్తోంది. వార్డులో నింపే రక్తమార్పిడి ప్రతిచర్యల ఫారం అక్కడికి చేరుతుంది.

పెద్దావిడ కొడుకు మర్నాడు డాక్టర్‌ను ఒకటే అడిగాడు. “ఇంకా రక్తం తక్కువే ఉందంటున్నారు కదండీ, మళ్లీ ఎక్కిస్తే మళ్లీ ఇలాగే అవుతుందా?”

ఆయన కేస్‌షీట్‌లో రాసింది చూపించారు. ముందు హిమోగ్లోబిన్ మళ్లీ చూడాలి. అవసరమనిపిస్తే సగం బ్యాగు మాత్రమే, పగటిపూట, నిమిషానికి పదమూడు చుక్కలు. ఎక్కుతున్నంతసేపూ అరగంటకోసారి బీపీ, ఆక్సిజన్ చూడాలి. సెలైన్ వద్దు. రక్తం ఎందుకు తగ్గుతోందో కనిపెట్టి, ఐరన్ లోపమే అయితే ఐరన్ ఇంజెక్షన్లతో నడిపించవచ్చు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం సగం బ్యాగు పెట్టారు. కొడుకు పక్కన స్టూలు వేసుకుని ఫోన్‌లో నిమిషం పెట్టుకుని చుక్కలు లెక్కపెడుతున్నాడు. పదమూడు. ఇంకోసారి లెక్కపెట్టాడు. పదమూడే. అమ్మ వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది.